మూలాల ప్రకటన (సాఫ్ట్‌వేర్ సమర్పణలు)

ఒక ప్రోగ్రామును మూల్యాంకనానికో, ఉమ్మడి ప్రాజెక్టులో చేర్చడానికో సమర్పించేటప్పుడు, అందులో ఏ భాగం బయటి నుంచి వచ్చిందో, దాన్ని ఎలా మార్చి వాడుకున్నారో తెలుపుతూ జతచేసే రాతను మూలాల ప్రకటన అంటారు. ఇది కోడు పక్కన కామెంటుగా ఉండవచ్చు, ఫైలు తల భాగంలో ఉండవచ్చు, ప్యాచ్‌తో వెళ్ళే సందేశంలో ఉండవచ్చు, లేదా విడిగా ఒక పుట కావచ్చు. కృతజ్ఞతల పుటకూ దీనికీ పోలిక లేదు. కృతజ్ఞతలు సాయం చేసిన మనుషుల గురించి చెబుతాయి. మూలాల ప్రకటన వరుసల గురించి చెబుతుంది. గ్రంథసూచి నుంచి కూడా ఇది వేరు. గ్రంథసూచి ఏ పుస్తకాలు చూశారో చెప్పి ఊరుకుంటుంది గానీ, చూసినది ఎక్కడికి చేరిందో, చేరేటప్పుడు ఏ రూపం మార్చుకుందో చెప్పదు.

ప్రకటనలో రెండు భాగాలుంటాయి. ఎక్కడిది అన్నది మొదటిది, ఏం చేశారు అన్నది రెండోది. ఆచరణలో మొదటిది దాదాపు అందరూ రాస్తారు, రెండోదాన్ని వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ చిక్కులు ఆ రెండో భాగం లేకపోవడం వల్లే వస్తాయి. అందుకే ఈ వ్యాసం దాని మీదే ఎక్కువసేపు నిలుస్తుంది.

చరిత్ర

మార్చినవాడు మార్చినట్టు చెప్పాలన్న షరతును లైసెన్సు పత్రాల్లో స్పష్టంగా పెట్టిన తొలి ప్రసిద్ధ ఉదాహరణల్లో గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు ఒకటి. 1989లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే, మార్చిన ప్రతి ఫైల్లోనూ మార్చిన సంగతినీ తేదీనీ కొట్టొచ్చినట్టు కనిపించేలా రాయాలన్న నిబంధన ఉంది. 1991 నాటి రెండో కూర్పు దాన్ని అలాగే నిలిపింది. దీని వెనుక ఉన్న ఆలోచన రచయిత పరువుకు సంబంధించినది. ఒకరు రాసిన ప్రోగ్రామును మరొకరు పాడుచేసి పంచితే ఆ తప్పు అసలు రచయిత నెత్తిన పడకూడదు. 2004లో వచ్చిన అపాచీ లైసెన్సు రెండో కూర్పు కూడా మార్చిన ఫైళ్ళలో మార్పు సూచన ఉండాలని అడుగుతుంది. పైథాన్ లైసెన్సు మరో అడుగు ముందుకు వేసి, పైథాన్‌లోని ఏ భాగాన్నైనా కలుపుకున్న కృతిని ఇతరులకు అందించేవారు చేసిన మార్పుల సంక్షిప్త వివరణ కూడా జతచేయాలంటుంది.

సమర్పణతో పాటు ప్రకటన కూడా ఉండాలన్న పద్ధతి లైనక్స్ కెర్నల్లో ఒక వ్యాజ్యం తరువాత స్థిరపడింది. 2003 మార్చిలో ఎస్‌సీఓ గ్రూప్ అనే కంపెనీ ఐబీఎం మీద దావా వేసింది. తనకు హక్కులున్న యూనిక్స్ కోడు లైనక్స్‌లోకి చేరిందన్నది దాని ఆరోపణల్లో ఒకటి. వేలమంది పంపిన ప్యాచ్‌లతో పెరిగిన కెర్నల్లో ఏ ముక్క ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చూపడం అప్పటికి తేలిక కాదు. 2004లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రతి ప్యాచ్ చివర `Signed-off-by` అనే వరుస ఉండాలన్న పద్ధతిని తెచ్చారు. ఆ వరుస రాస్తే, డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అనే చిన్న పత్రంలోని మాటలకు కట్టుబడినట్టు. ఆ పత్రం మూడు దారులు చూపుతుంది: ఇది నేను రాసింది, లేదా తగిన లైసెన్సు ఉన్న పాత కృతి మీద ఆధారపడింది, మార్పులతో సహా ఇచ్చే హక్కు నాకుంది, లేదా ఇలాగే ధ్రువీకరించిన మరొకరు నాకు ఇచ్చింది, నేను మార్చలేదు. నాలుగో అంశం, ఈ రాత బహిరంగమని, శాశ్వతంగా నిలుస్తుందని సంతకందారు ఒప్పుకోవడం.

విద్యాలయాల దారి వేరు. అక్కడి ప్రశ్న హక్కులది కాదు, శ్రమది: మార్కులు ఇవ్వాల్సిన పని ఎంత, ఇవ్వకూడనిది ఎంత? 1994లో అలెక్స్ ఐకెన్ విద్యార్థుల ప్రోగ్రాముల మధ్య పోలికలు పట్టే మాస్ అనే సాధనాన్ని తయారుచేశారు. ఒకే అసైన్‌మెంటుకు వచ్చిన వందల ప్రోగ్రాములను ఒకదానితో ఒకటి పోల్చడం దానితో సులువైంది. పోలిక దొరికాక విద్యార్థిని అడిగే మొదటి ప్రశ్న, ఈ మూలాన్ని ముందే చెప్పావా అన్నది.

ప్రకటనలో ఉండవలసినవి

మూలాన్ని గుర్తించే వివరాలంటే కృతి పేరు, రచయిత లేదా ప్రాజెక్టు, ఫైలు, ఫంక్షను. వీటితో పాటు కూర్పు సంఖ్య తప్పనిసరి. పుస్తకంలోని పేరా పదేళ్ళ తరువాత కూడా అదే పేరా. లైబ్రరీలోని ఫంక్షను అలా కాదు. ఉదాహరణకు పైథాన్ `bisect` మాడ్యూల్లోని ఫంక్షన్లకు `key` అనే పారామీటరు 3.10 కూర్పులోనే వచ్చింది. కూర్పు చెప్పకుండా `bisect_left` నుంచి తీసుకున్నానని రాస్తే, `key` లేకపోవడం విద్యార్థి చేసిన మార్పో, పాత కూర్పు అలాగే ఉండేదో పరిశీలకుడికి తెలియదు.

తరువాతిది లైసెన్సు. దీన్ని కోర్సు పనిలో చాలామంది అనవసరమనుకుంటారు. పని ఉపాధ్యాయుడి దగ్గరే ఆగిపోతే కొంతవరకు నిజమే. అదే పనిని బహిరంగంగా ఉంచిన రోజున లైసెన్సు షరతులు వర్తిస్తాయి. స్టాక్ ఓవర్‌ఫ్లో జవాబుల్లోని కోడు క్రియేటివ్ కామన్స్ వారి బీవై-ఎస్ఏ లైసెన్సు కింద ఉంటుంది. రచయితను పేర్కొనాలి, మార్చితే మార్చినట్టు చెప్పాలి, మార్చిన కృతిని అదే షరతులతో పంచాలి. జవాబు రాసిన తేదీని బట్టి ఆ లైసెన్సు కూర్పు 2.5, 3.0, 4.0లలో ఒకటవుతుంది. కాబట్టి అలాంటి మూలానికి తేదీ రాయడం అలంకారం కాదు.

చివరిది మార్పుల వివరణ. వాడకంలో నాలుగు స్థాయిలు కనిపిస్తాయి. మొదటిది ఉన్నదున్నట్టు తీసుకోవడం. రెండోది అక్కడక్కడ దిద్దుకోవడం. మూడోది ఒక ప్రోగ్రామింగ్ భాష నుంచి మరో భాషలోకి తీసుకురావడం. నాలుగోది ఆలోచన మాత్రమే తీసుకుని కోడు సొంతంగా రాయడం. మూడో స్థాయి దగ్గర చాలామంది పొరబడతారు. ఒక్క అక్షరమూ కలవదు కాబట్టి ఇది సొంత కోడేనని అనుకుంటారు. కానీ వేరియబుళ్ళ పాత్ర, షరతుల క్రమం, అంచుల దగ్గర తీసుకున్న జాగ్రత్తలు మూలానివే అయితే అది అనుసరణే. ఏమి మార్చారో చెప్పాక ఏమి మార్చలేదో కూడా ఒక వరుసలో చెప్పడం మంచి పద్ధతి. అప్పుడు చదివేవారు ఏది ఎవరిదో ఊహించుకోవలసిన పని ఉండదు.

ఒక నమూనా

విద్యార్థుల మార్కులు పెద్ద నుంచి చిన్నకు పేర్చి ఉన్నాయి. ఒక మార్కు ఇస్తే ర్యాంకు చెప్పే ఫంక్షను రాయమన్నది అసైన్‌మెంటు అనుకుందాం. విద్యార్థి పైథాన్‌తో వచ్చే ద్విభాజన అన్వేషణ ఫంక్షన్‌ను తీసుకుని మార్చాడు. ప్రకటన ఇలా ఉండవచ్చు:

```python
# మూలం: CPython 3.12, Lib/bisect.py, bisect_left
# లైసెన్సు: PSF License Version 2
# మార్పులు:
#  1. అవరోహణ క్రమం కోసం పోలికలో < బదులు >
#  2. lo, hi, key పారామీటర్లు, వాటి తనిఖీ తొలగింపు
#  3. స్థానం బదులు ర్యాంకు రావడానికి lo + 1
#  4. ఫంక్షను, జాబితా పేర్ల మార్పు, డాక్‌స్ట్రింగ్ తొలగింపు
# మార్చనివి: లూపు షరతు, mid లెక్క, lo/hi జరపడం
def rank(marks, x):
    lo, hi = 0, len(marks)
    while lo < hi:
        mid = (lo + hi) // 2
        if marks[mid] > x:
            lo = mid + 1
        else:
            hi = mid
    return lo + 1
```

మార్కులు 92, 85, 85, 70 అనుకుంటే 85కు ఈ ఫంక్షను 2 ఇస్తుంది, 70కి 4 ఇస్తుంది. ఒకే మార్కు వచ్చిన ఇద్దరికీ రెండో ర్యాంకు, తరువాతివారికి నాలుగో ర్యాంకు. ఇది మూల ఫంక్షనులోని ఎడమ అంచు నియమం వల్ల వచ్చిన ఫలితం. సమానమైన విలువ తగిలినప్పుడు `hi` వెనక్కి జరుగుతుంది కాబట్టి, ఆ విలువ మొదట వచ్చే చోటే దొరుకుతుంది. ఈ గుణం విద్యార్థి కనిపెట్టింది కాదు. దాన్ని ర్యాంకులకు వాడుకోవచ్చని గమనించడం మాత్రం విద్యార్థిదే. మార్చనివి అన్న వరుస ఈ తేడాను పట్టి ఇస్తుంది.

ఇదే పనికి 'బైసెక్ట్ ఆధారంగా రాశాను' అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే అబద్ధం ఆడినట్టు కాదు. అయితే పరిశీలకుడికి దాని వల్ల ఉపయోగం లేదు. మూలాన్ని ఆరోహణ జాబితాతో పరీక్షించి చూసే పరిశీలకుడు అదే పరీక్షను ఈ ఫంక్షను మీద నడిపితే తప్పు జవాబులు వస్తాయి. అది తప్పో, కావాలని చేసిన మార్పో తేల్చుకోవడానికి కోడంతా చదవాలి. మొదటి మార్పును ఒక్క వరుసలో చెప్పి ఉంటే ఆ శ్రమ ఉండదు.

ప్రకటన ఉండే చోట్లు

పై నమూనాలోలా కోడు నెత్తినే కామెంటుగా రాస్తే, ఆ కోడు ఎక్కడికి కాపీ అయినా ప్రకటన వెంట వెళ్తుంది. దీనికో బలహీనత ఉంది: తరువాత వచ్చినవారు కోడును మార్చి కామెంటును అలాగే వదిలేస్తే అది పాతబడిపోతుంది.

కమిట్ సందేశంలో రాసే ప్రకటన ఒక నిర్దిష్ట క్షణానికి కట్టుబడి ఉంటుంది కాబట్టి పాతబడదు. గిట్ వాడేవారు వేరే శాఖలోని మార్పును తెచ్చుకునేటప్పుడు `git cherry-pick -x` అంటే, ఏ కమిట్ నుంచి వచ్చిందో సందేశంలో తానే చేరుతుంది. లైనక్స్ స్థిర కూర్పులకు పంపే ప్యాచ్‌లలో ప్రధాన శాఖలోని కమిట్ గుర్తును రాయడం నియమం. ప్యాచ్‌ను స్వీకరించే నిర్వాహకుడు దారిలో ఏదైనా దిద్దితే, తన సంతకానికి ముందు చదరపు బ్రాకెట్లలో ఆ దిద్దుబాటును ఒక్క వరుసలో రాస్తాడు. ఫలానా నిర్మాణాన్ని ఈ ఫైలు నుంచి ఆ ఫైలుకు జరిపానన్నది అలాంటి వరుస. సంతకాల వరుసను పై నుంచి కిందికి చదివితే ప్యాచ్ ఎవరెవరి చేతులు మారిందో, ఏ చేతిలో రూపం మారిందో తెలుస్తుంది.

డెబియన్ పంపిణీలో ఈ తేడాకు ఒక గడినే కేటాయించారు. డెబియన్ ప్యాచ్ తల భాగంలో `Origin` అనే గడి ఉంటుంది. మూల ప్రాజెక్టు నుంచి యథాతథంగా తెచ్చిన ప్యాచ్ అయితే అక్కడ `upstream` అని, మూల ప్రాజెక్టుదే అయినా పాత కూర్పుకు సరిపడేలా మార్చింది అయితే `backport` అని రాస్తారు. తెచ్చాను, తెచ్చి మార్చాను అన్న రెండు వేర్వేరు పనులను ఒకే మాటతో చెప్పే అవకాశం అలా పోయింది.

ఒక ప్రసిద్ధ ఉదాహరణ: టిమ్‌సార్ట్

అనుసరణను ఎంత వివరంగా ప్రకటించవచ్చో, ఆ వివరం ఎందుకు పనికొస్తుందో చూపడానికి జావాలోని టిమ్‌సార్ట్ ఫైలుకు మించిన ఉదాహరణ దొరకదు. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం ఈ క్రమీకరణ పద్ధతిని సీ భాషలో రాశారు. దాని తర్కాన్ని `listsort.txt` అనే పత్రంలో వివరించారు. జాషువా బ్లాక్ దాన్ని జావాలోకి తెచ్చారు. అది 2011లో విడుదలైన జావా 7లో భాగమైంది.

జావా ఫైలు తల భాగం ఇది టిమ్ పీటర్స్ పైథాన్ కోడుకు అనుసరణ అని చెప్పి, ఆయన వాడుకున్న కొన్ని మెలకువలు పీటర్ మెక్‌ఇల్‌రాయ్ 1993 నాటి పరిశోధన పత్రంలోవని మూలానికి మూలాన్ని కూడా పేర్కొంటుంది. విశేషం అక్కడితో అయిపోదు. లోపల మూలం నుంచి తప్పుకున్న ప్రతి ముఖ్యమైన చోటా ఒక కామెంటు ఉంది. విలీనం చేయదగ్గ అతి చిన్న పొడవు సీ కోడులో 64 ఉండగా ఇక్కడ 32 పెట్టామని, ప్రయోగాల్లో అదే మెరుగ్గా పనిచేసిందని ఒకచోట ఉంటుంది. చిన్న జాబితాలకు తాత్కాలిక స్థలం మూలంలో కన్నా తక్కువ కేటాయిస్తున్నామని, వేగం కోసం ఈ మార్పు అవసరమైందని మరోచోట ఉంటుంది. మూడోచోట ఉన్నది ఈ కథకు కీలకం. సీ కోడు ఎప్పుడూ 85 గడుల స్టాక్ వాడుతుందని, జావాలో సుమారు వంద అంశాల జాబితాలకు అది ఖరీదుగా తేలిందని, అందుకే జాబితా పొడవును బట్టి చిన్న స్టాక్ వాడుతున్నామని, అది చాలినంతే ఉందని అక్కడ రాసి ఉంటుంది.

ఈ స్టాక్ ఎందుకో కొంచెం చెప్పాలి. టిమ్‌సార్ట్ జాబితాలో ఇప్పటికే క్రమంలో ఉన్న వరుసలను వెతికి, వాటి పొడవులను స్టాక్‌లో పెట్టుకుంటూ, కొన్నింటిని కలుపుతూ పోతుంది. కింద ఉన్న ప్రతి వరుస పొడవూ దాని పైనున్న రెండింటి మొత్తం కన్నా పెద్దదిగా ఉండాలన్నది నియమం. ఆ నియమం నిలిస్తే పొడవులు ఫిబొనాచీ సంఖ్యల్లా పెరుగుతాయి కాబట్టి, ఎంత పెద్ద జాబితాకైనా కొద్ది గడుల స్టాక్ చాలు. ఎన్ని చాలతాయన్న లెక్క మొత్తం ఈ నియమం మీదే నిలిచి ఉంది.

2015లో స్టెయిన్ డి గౌ, ఆయన సహ పరిశోధకులు కీ అనే సాధనంతో ఈ జావా కోడు సరైనదని గణితపరంగా నిరూపించడానికి పూనుకున్నారు. నిరూపణ సాగలేదు. కలిపే భాగం నియమాన్ని స్టాక్ పైభాగాన మాత్రమే సరిచూస్తుందని, కొన్ని జాబితాలకు లోపల అది భంగమవుతుందని వారు కనుగొన్నారు. 6,71,08,864 అంశాలతో ప్రత్యేకంగా తయారుచేసిన జాబితాను ఇస్తే జావా స్టాక్ నిండిపోయి ప్రోగ్రాము ఆగిపోయింది. ఆండ్రాయిడ్ కూర్పులో 65,536 అంశాలే సరిపోయాయి.

ఇక్కడ తప్పు రెండు ముక్కలుగా ఉంది. నియమాన్ని పూర్తిగా సరిచూడకపోవడం పైథాన్ మూలం నుంచే వచ్చింది. పైథాన్‌లో మాత్రం 85 గడుల స్టాక్ నిండాలంటే 2కు 49వ ఘాతమంత పెద్ద జాబితా కావాలి, అంత జాబితాను పట్టే యంత్రం లేదు. తప్పు ఉన్నా బయటపడే వీలులేదు. జావాలో బయటపడటానికి కారణం, స్టాక్‌ను కుదించిన అనుసరణ. పరిశోధకులు లోపాన్ని పట్టింది కామెంటు చదివి కాదు, నిరూపణ ప్రయత్నంతో. అయితే లోపం పట్టుబడ్డాక ఏ ముక్క మూలానిదో, ఏ ముక్క అనుసరణదో విడదీయడానికి ఆ కామెంటు దగ్గరే జవాబుంది. దిద్దుబాట్లు కూడా ఆ రెండు దారుల్లోనే జరిగాయి. పైథాన్ బృందం కలిపే తర్కాన్ని సరిచేసింది. జావా బృందం అప్పటికి అతిపెద్ద జాబితాలకు ఉన్న 40 గడుల స్టాక్‌ను 49కి పెంచి ఊరుకుంది. చాలినంతే ఉందన్న ధీమా మాట కన్నా, సీ కోడులో 85 అన్న సంఖ్యే ఆ ప్రకటనలో ఎక్కువ విలువైనదని తేలింది.

తనిఖీ

ప్రకటన నిజమా కాదా తేల్చడానికి పరిశీలకులు చేసే మొదటి పని, చెప్పిన మూలాన్ని చెప్పిన కూర్పులోనే తెచ్చి, సమర్పణతో `diff` చేయడం. కనిపించిన ప్రతి తేడా మార్పుల జాబితాలో ఉండాలి. జాబితాలోని ప్రతి మార్పూ తేడాల్లో కనిపించాలి. జాబితాలో లేని తేడా మతిమరుపు కావచ్చు. జాబితాలో ఉండి కోడులో కనిపించని మార్పు మాత్రం గట్టిగా అడగాల్సిన విషయం.

ప్రకటన లేనప్పుడు మాస్ వంటి సాధనాలు అక్కరకొస్తాయి. అది ముందుగా ఖాళీలను, వేరియబుళ్ళ పేర్లను లెక్కలోంచి తీసేస్తుంది. మిగిలిన పాఠాన్ని ఒకదానిపై ఒకటి వాలే చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకు ఒక సంఖ్య కడుతుంది. వాటిలోంచి ఒక నియమం ప్రకారం కొన్నింటిని ఎంచి వేలిముద్రల్లా దాచుకుని, ప్రోగ్రాముల మధ్య పోలుస్తుంది. ఈ ఎంపిక పద్ధతిని 2003లో ఐకెన్, ఆయన సహచరులు ప్రచురించారు. ఉపాధ్యాయుడే ఇచ్చిన కోడును మూల ఫైలుగా ముందే అప్పగిస్తే ఆ పోలికలను అది పట్టించుకోదు. మరీ ఎక్కువమందిలో కనిపించే ముక్కను కూడా కాపీగా లెక్కించదు, మామూలుగా ఆ హద్దు పది ప్రోగ్రాములు. అందరూ పాఠ్యపుస్తకం నుంచి ఎత్తిన వరుసలు అలా పక్కకు పోతాయి. మాస్ ఇచ్చేది పోలికే గానీ తీర్పు కాదు. ప్రకటించిన మూలంతో పోలిక వస్తే అది ప్రకటన నిజమని చూపుతుంది.

కంటికి కనిపించే ఆనవాళ్ళు కూడా కొన్నున్నాయి. మిగతా ఫైలంతా ఒక తీరున ఉండి ఒక్క ఫంక్షనులోనే పేర్లు పెట్టే పద్ధతి మారడం ఒకటి. ఎక్కడా వాడని పారామీటరు మిగిలిపోవడం మరొకటి. అన్నిటికన్నా బలమైనది ఉమ్మడి తప్పు. సరైన జవాబుకు ఇద్దరు విడివిడిగా చేరుకోవచ్చు, ఒకే విచిత్రమైన తప్పుకు చేరుకోవడం అరుదు.

విద్యాలయాల నియమాలు

హార్వర్డ్‌లోని సీఎస్50 కోర్సు నియమాలు ఈ విషయంలో విస్తృతంగా చర్చకు వచ్చాయి. అసైన్‌మెంటుకు నేరుగా జవాబు కానంతవరకు, ఎక్కడివో చెప్పి కొద్ది వరుసలు బయటి నుంచి తెచ్చుకోవడం అక్కడ సమ్మతమే. 2014 నుంచి ఆ కోర్సులో ఒక వెసులుబాటు కూడా ఉంది. తప్పు చేసిన విద్యార్థి 72 గంటల్లో తానే ముందుకొచ్చి చెబితే, కోర్సు స్థాయిలో చర్య తీసుకుంటారు గానీ విషయాన్ని పై క్రమశిక్షణ సంఘానికి పంపరు. ఆలస్యంగా ఇచ్చిన ప్రకటనకు కూడా కొంత విలువ ఇవ్వడమన్నమాట.

భారతదేశంలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లో గ్రంథచౌర్య నివారణ నిబంధనలు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లోని పరిశోధక విద్యార్థులకు ఇవి వర్తిస్తాయి. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 వరకు ఉంటే ఏడాది పాటు సమర్పించే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మూలం చెప్పి గానీ, అవసరమైన అనుమతితో గానీ ఉటంకించిన భాగాన్ని ఈ లెక్కలో కలపరు. అంటే ప్రకటన నేరుగా శాతం మీదే ప్రభావం చూపుతుంది.

ఇంజనీరింగ్ విద్యార్థులు తరచు గమనించని సంగతి ఒకటుంది. ఈ నిబంధనల్లోని నిర్వచనం అసైన్‌మెంట్లను, టర్మ్ పేపర్లను, ప్రాజెక్టు నివేదికలను, జవాబు పత్రాలను మినహాయించింది. బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టులోని కోడుకు ఆ శాతాలు వర్తించవు. అక్కడ కళాశాల సొంత నియమమే నియమం. ప్రకటన ఎలా ఉండాలో కళాశాల రాసి ఇవ్వకపోతే, తెచ్చిన కోడు లైసెన్సు అడిగే కనీస షరతులను పాటించడం విద్యార్థికి మిగిలే గట్టి ఆధారం.

పరిమితులు

మూలాన్ని ప్రకటించినంత మాత్రాన అనుమతి దొరికినట్టు కాదు. విద్యాలయంలో మూలం చెప్పడంతో చౌర్యం అన్న ఆరోపణ పోవచ్చు. కాపీరైటు ఆ మాటతో తీరదు. లైసెన్సు ఇవ్వని కోడును ఎంత చక్కగా ప్రకటించినా పంచే హక్కు రాదు. అలాగే రెండు లైసెన్సుల షరతులు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ప్రకటన ఆ వైరుధ్యాన్ని బయటపెడుతుంది తప్ప తీర్చదు.

దీనికి కూడా టిమ్‌సార్ట్ ఫైలే ఉదాహరణ. ఆండ్రాయిడ్ కూర్పులో జాబితా హద్దులు సరిచూసే `rangeCheck` అనే తొమ్మిది వరుసల ఫంక్షను ఉండేది. జావా లైబ్రరీలోని `Arrays.java`లో కూడా అదే ఫంక్షను ఉంది. రెండింటినీ రాసింది జాషువా బ్లాకే, మొదటిసారి సన్ మైక్రోసిస్టమ్స్ ఉద్యోగిగా, రెండోసారి గూగుల్ ఉద్యోగిగా. రాసిన చేయి ఒకటే అయినా మొదటి కోడు మీద కాపీరైటు సన్‌ది, సన్‌ను కొన్నాక ఒరాకిల్‌ది. తన సొంత రాతను తాను మళ్ళీ వాడుకున్నా మూలం బయటిదే అవుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన సందర్భం అరుదు. ఒరాకిల్, గూగుల్ వ్యాజ్యంలో 2012లో జ్యూరీ ఆ తొమ్మిది వరుసల విషయంలో కాపీరైటు ఉల్లంఘన జరిగిందని తేల్చింది. వాటికి నష్టపరిహారం సున్నాగా ఉండేలా ఇరుపక్షాలూ అంగీకరించాయి. అదే వ్యాజ్యంలోని పెద్ద వివాదం, జావా ఏపీఐకి చెందిన సుమారు 11,500 వరుసల గురించినది, 2021 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, న్యాయమైన వినియోగమన్న తీర్పుతో గూగుల్ పక్షాన ముగిసింది.